భద్రతా గుణకం 1.31 వచ్చింది, షాట్‌క్రీట్ కొట్టేస్తే చాలా?

సైటు_ఇంజనీరు: తూర్పు కనుమల్లో రోడ్డు వెడల్పు చేస్తూ 18 మీటర్ల ఎత్తున, 60 డిగ్రీల వాలుతో కొండను కోశాం. రాయి ఖొండలైటు, బాగా శిథిలమైంది. సలహాదారు నివేదికలో భద్రతా గుణకం, అంటే కొండను నిలిపే బలం జార్చే బలానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, 1.31 అని ఉంది, వల పరిచి షాట్‌క్రీట్, అంటే పైపుతో చిమ్మే కాంక్రీటు, కొట్టమన్నారు. కోత అంచుకు 15 మీటర్ల వెనక, పైనున్న కాఫీ తోటలో, రోడ్డుకు సమాంతరంగా వేలెడు వెడల్పు పగులు కనిపించింది. రాతిలోని సహజ చీలికల్లో, అంటే జాయింట్లలో, తెల్లని జిడ్డు మట్టి ఉంది. ఈ వానలకు ముందే షాట్‌క్రీట్ కొట్టడం సరైనదేనా?

కంట్రాక్టు_పని: కొట్టండి, ఆలస్యం చేయకండి. ఖొండలైటు వాన తగిలితే మెత్తబడుతుంది. పైపొరను మూసేస్తే నీరు లోపలికి పోదు, కోత నిలుస్తుంది. నేను మూడు చోట్ల చేయించాను, ఒక్కటీ జారలేదు.

కొండదారి: తిరుమల రెండో ఘాట్ రోడ్డులో 2021 డిసెంబరులో బండలు పడ్డాయి కదా. మీరు కూడా వల దిగేసి, కింద కంచె కడితే వాహనాలకు ప్రమాదం ఉండదు. షాట్‌క్రీట్ ఖర్చు ఎందుకు?

రాతిపొర: కొండదారి గారూ, తిరుమలలో రాయి క్వార్ట్‌జైటు, అక్కడ పడ్డవి విడిపోయిన బండలు. ఇక్కడ భయం రాలిపడే రాళ్ల గురించి కాదు. సైటు ఇంజనీరు గారూ, మీ జాయింట్లు ఎటు వాలి ఉన్నాయి? దిక్సూచితో కొలిచారా?

సైటు_ఇంజనీరు: కొలిచాం. ప్రధాన జాయింటు సుమారు 35 డిగ్రీలతో రోడ్డు వైపే వాలి ఉంది. కోత దిశకూ దానికీ తేడా పది డిగ్రీలు మించదు. నివేదికలో మాత్రం గుండ్రటి జారుడు తలం మీదే లెక్క వేశారు.

రాతిపొర: అయితే ఆ 1.31ని నమ్మకండి. వృత్తాకార జారుడు అంతటా ఒకే తీరుగా ఉన్న మట్టికి. మీకు జారే తలం ముందే తయారుగా ఉంది. మీరు చెప్పిన పగులు చోటే నన్ను కదిలించింది. కోత పాదం నుంచి 35 డిగ్రీల గీత పైకి గీయండి. 18 మీటర్ల ఎత్తుకు చేరేసరికి అది పాదానికి 25.7 మీటర్ల వెనక ఉంటుంది. అందులో వాలు ముఖం 10.4 మీటర్లు ఆక్రమిస్తుంది. మిగిలింది 15.3. మీ పగులు సరిగ్గా అక్కడే ఉంది. పైన నేల చదునుగా ఉంటే దిమ్మ కదలడం మొదలుపెట్టిందనే అనుకోవాలి.

నేను తలం మీద లెక్క వేశాను. రాతి బరువు ఘనపు మీటరుకు 24 కిలోన్యూటన్లు, జాయింటు ఘర్షణ కోణం 32 డిగ్రీలు, సంసక్తి, అంటే తలం అతుక్కుని ఉండే బలం, 25 కిలోపాస్కల్ అనుకుందాం. మీటరు పొడవుకు దిమ్మ బరువు 3,309 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 337 టన్నులు. దీన్ని ఏ వలా ఆపదు. తలం పొడిగా ఉంటే భద్రతా గుణకం కాకతాళీయంగా మీ నివేదిక అంకెకే వస్తుంది, 1.31. తలం వెంట నీరు 12 మీటర్ల ఎత్తు దాకా చేరితే 1.10. కోత మొత్తం నిండితే 0.85. నీరు దిమ్మను కింది నుంచి ఎత్తుతుంది, ఘర్షణ పోతుంది. నీరు కారడానికి ముఖంలో వదిలే చిన్న రంధ్రాలు, అంటే వీప్ హోల్స్, లేని షాట్‌క్రీట్ కొడితే నీరు బయటికి వచ్చే దారిని మీరే మూసినట్లు.

కంట్రాక్టు_పని: వీప్ హోల్స్ పెడతాం, అంత మాత్రం తెలుసు.

రాతిపొర: మీరు మూయించిన మూడూ నిలిచాయంటే సంతోషం. కానీ వీప్ హోల్ ముఖం వెనక అరమీటరు నీటినే తీస్తుంది. తలం ముఖానికి ఎంత లోపల ఉందో చూడండి: పాదం నుంచి 4 మీటర్ల ఎత్తులో 3.4 మీటర్లు, 9 మీటర్ల ఎత్తులో 7.7 మీటర్లు. డ్రెయిన్ రంధ్రం ఆ తలాన్ని దాటి వెళ్లాలి. అంటే 10 నుంచి 15 మీటర్ల పొడవు, లోపలికి పోతున్నకొద్దీ కొంచెం పైకి, చిల్లుల పైపు, చుట్టూ వడపోత వస్త్రం. నీటిని 12 నుంచి 4 మీటర్లకు దించగలిగితే గుణకం 1.10 నుంచి 1.28 అవుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చేది మరొకటి లేదు.

పాత_నక్షాలు: డ్రెయిన్ల మాట ఒప్పుకుంటాను. ఆ 25 కిలోపాస్కల్ మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది? తెల్లని జిడ్డు మట్టి అంటున్నారు, అది కయోలిన్. తడిసిన కయోలిన్‌కు అంత సంసక్తి ఉంటుందా? దాన్ని 10కి దించితే పొడి లెక్కే 1.06కు పడిపోతుంది. కోణాన్ని కూడా తగ్గించాలేమో.

రాతిపొర: న్యాయమైన ప్రశ్న. నా సమాధానం కోత గత వానల్లో నిలిచిందన్న వాస్తవం. నీరు నిజంగా 12 మీటర్లకు చేరి ఉంటే సంసక్తి 19 కంటే తక్కువ ఉండి ఉండదు, లేకపోతే అప్పుడే జారేది.

పాత_నక్షాలు: "చేరి ఉంటే" అన్నదే చిక్కు. నీరు ఎంత దాకా చేరిందో కొలిచే పరికరం, పీజోమీటరు, అక్కడ లేదు. నీరు 5 మీటర్లే ఉండి ఉండవచ్చు. అప్పుడు నిలిచినందువల్ల సంసక్తి 19 ఉందని రుజువు కాదు. పైగా ఇప్పుడు పగులు వచ్చింది కాబట్టి ఆ సంసక్తిలో కొంత ఇప్పటికే పోయి ఉండాలి.

రాతిపొర: పగులు గురించిన మాట ఒప్పుకుంటున్నాను. అందుకే నేను 1.28తో ఆగిపోనంటాను. 12 మీటర్ల నీటిలోనూ 1.3 కావాలంటే మీటరు పొడవుకు మరో 38 టన్నుల నిరోధం చేర్చాలి, అది నెయిల్స్, అంటే కొండలోకి గుచ్చే ఉక్కు కడ్డీల, పని. సంసక్తి 10 అయితే అది చాలదు.

కొండదారి: మరి యాంకర్లు వేసి బిగించేయకూడదా?

రాతిపొర: వేయవచ్చు, కానీ తైవాన్‌ను గుర్తు పెట్టుకోండి. 2010 ఏప్రిల్ 25న కీలుంగ్ దగ్గర ఫ్రీవే 3 మీద ఇలాగే రోడ్డు వైపు వాలిన పొరలున్న కోత, వాన లేని రోజున జారింది. నలుగురు చనిపోయారు. అక్కడా యాంకర్లు ఉన్నాయి, అయితే చాలా వాటికి తుప్పు పట్టింది. యాంకర్లు వేశాక ఏటా కొన్నింటి బిగువు పరీక్షించేవాళ్లు లేకపోతే వాటి మీద బతకలేం.

పాత_నక్షాలు: నన్ను అడిగితే కోసేయడమే మేలు. 35 డిగ్రీలకు తగ్గిస్తే దిమ్మే ఉండదు, లెక్కలూ ఉండవు.

సైటు_ఇంజనీరు: అది 15 మీటర్లు కాఫీ తోటలోకి వెళుతుంది సార్. మీటరు పొడవుకు 138 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. లోయలోకి తోసేస్తే కింద మరో జారుడు పుడుతుంది, మోసుకెళ్లడానికి చోటు లేదు. 45 డిగ్రీలు అయితే 7.6 మీటర్లే అవసరం, దానికి గిరిజన రైతులను ఒప్పించవచ్చు. అయితే తలం మాత్రం లోపలే ఉండిపోతుంది.

కంట్రాక్టు_పని: 45కు కోస్తూ డ్రెయిన్లు వేయండి, తరువాత ముఖానికి షాట్‌క్రీట్. ఈ క్రమానికి నేను ఒప్పుకుంటాను. ఎండలోనే పై నుంచి కిందికి కోయాలి.

సైటు_ఇంజనీరు: నిన్న పగులుకు అటూఇటూ రెండేసి మేకులు కొట్టాం, ఎదురెదురు జతల దూరాన్ని ఉదయం, సాయంత్రం టేపుతో కొలుస్తున్నాం. మొదటి జత 612 మిల్లీమీటర్లు, ఈ ఉదయం 615. పగులును తాత్కాలికంగా బంకమట్టితో పూడ్చి, పైన ప్లాస్టిక్ షీటు కప్పాం, వాననీరు నేరుగా దిగకుండా. కింది రోడ్డు కొండ వైపు లేన్ మూయించాను. రెండు బోరుల్లో పీజోమీటర్లు వేయడానికి డ్రిల్లు శుక్రవారం వస్తుంది, ఆ కోర్‌లోనే జాయింటు మట్టి నమూనా తీసి డైరెక్ట్ షియర్ పరీక్షకు, అంటే జారుడును ఎంత బలంతో అడ్డుకుంటుందో కొలిచే పరీక్షకు, పంపుతాను.

పాత_నక్షాలు: తడి నమూనా మీద చేయించండి, నెమ్మదిగా. మూడు మిల్లీమీటర్లు టేపు పొరపాటే కావచ్చు, అయినా రేపు 618 అయితే ఫలితాల కోసం ఎదురు చూడకుండా మొత్తం రోడ్డు మూయించండి.