సమస్య: «కథను జెప్పెడి వానికే కథ తెలియదు»

నిర్వాహకురాలు (చిక్కడపల్లి): ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం. మన హైదరాబాదు బృందంలో పద్యాలు రాసేవాళ్ళూ కథలు రాసేవాళ్ళూ సగం సగం ఉన్నారు కనుక ఒక షరతు పెడుతున్నాను. గణాలు, యతి సరిపోతే చాలదు. మీ పద్యంలో కథ ఎవరు చెబుతున్నారో, వాళ్ళకు ఎంతవరకు తెలుసో కూడా నిలబడాలి. సన్నివేశం అందరికీ ఒకటే: కొడుకు ఫీజు కోసం తల్లి గాజులు అమ్మింది.

వంశీ (కూకట్‌పల్లి): నా పూరణ. ఉత్తమ పురుషలో, కొడుకు గొంతుతో.

అమ్మ చేతుల గాజుల నమ్మె ఫీజు
కొరకు, తెలియని నేనంటి "కొత్త గాజు
లెంత తళతళ మెఱసెనో!" యేమి చెప్ప!
కథను జెప్పెడి వానికే కథ తెలియదు

రామారావు మాస్టారు (మలక్‌పేట): ఛందస్సులో వేలు పెట్టడానికి చోటు లేదు నాయనా. పొరపాటు కథనంలో ఉంది. మొదటి పాదంలోనే నీ "నేను" గాజులు అమ్మారనీ, ఫీజు కోసమనీ చెప్పేశాడు. ఇక అతనికి తెలియనిది ఏముంది? నీ పద్యంలో ఇద్దరు "నేను"లు కలిసిపోయారు. ఆ రోజు గాజులు చూసి మురిసిన పిల్లవాడు ఒకడు, ఏళ్ళ తర్వాత సంగతి తెలిసి చెబుతున్న పెద్దవాడు ఇంకొకడు. "తెలియని నేనంటి" అన్నది పెద్దవాడి మాట. పెద్దవాడు మాట్లాడితే పాఠకుడికి పశ్చాత్తాపం చేరుతుంది. పిల్లవాడొక్కడే మాట్లాడితే అతను చూడలేనిది పాఠకుడే చూడాలి. రెండూ మంచి దారులే కానీ ఈ సమస్యకు రెండోదే అతుకుతుంది. పిల్లవాడు కన్నదీ విన్నదీ తప్ప ఇంకేమీ రానివ్వకుండా మళ్ళీ రాయి.

వంశీ: ప్రయత్నించాను మాస్టారూ.

మట్టి గాజులే యమ్మకు మక్కువంట
పొగకు కన్నులు చెమరించె పొయ్యి కడను
ఫీజు కట్టితి బడికేగి బెంగలేక
కథను జెప్పెడి వానికే కథ తెలియదు

నరేష్ (అంబర్‌పేట): అన్నా మంచిగుంది. అమ్మ ఇష్టంగ మట్టిగాజులు ఏసుకుంది, పిలగాడు ఫీజు కట్టిండు. సంతోషంగున్న ఇల్లు కనిపించింది. మరి ఆ తెలియని కథ ఏంది? లాడ్‌బజార్ గాజుల ముచ్చటనా?

రామారావు మాస్టారు: నరేష్‌ని తప్పు పట్టకండి, మనకు కావలసిన పాఠకుడు అతనే. గాజులు అమ్మారని షరతులోనే చదివాం కాబట్టి మనకు కన్నీళ్ళు కనిపించాయి. షరతు చదవని మనిషికి అక్కడ కనిపించేది పొగే. ఏమీ తెలియని "నేను" కథ చెబుతున్నప్పుడు పాఠకుడికి రెండు ఆనవాళ్ళు అందాలి: ముందు ఏముండేది, ఇప్పుడు ఏముంది. నీ పద్యంలో రెండోదే ఉంది. బంగారం ఒకప్పుడు ఉండేదన్న మాటే రాలేదు. ఆ మాట పిల్లవాడి నోటనే రావాలి, కానీ దాని అర్థం అతనికి అందకూడదు.

వంశీ: ఇది మూడోది.

పసిడి బరువంట యమ్మకు; పాతవంట;
మట్టి గాజులే ముద్దంట, మంటయంట
పొగకు కన్నుల; నా ఫీజు పోయి కడితి;
కథను జెప్పెడి వానికే కథ తెలియదు

నరేష్: ఇప్పుడు సమజైంది. పాణం సివుక్కుమన్నది.

నిర్వాహకురాలు: ఆ నాలుగు "అంట"లే పద్యానికి ప్రాణం. ప్రతిదీ తల్లి చెప్పిన సాకు, పిల్లవాడు నమ్మి మనకు అప్పజెప్పాడు. నాకొక్కటే అనుమానం. నాలుగో పాదం ఎవరి గొంతు? తనకు కథ తెలియదన్న సంగతి పిల్లవాడికి తెలియకూడదు కదా.

శారద (సికింద్రాబాద్): నేను తల్లివైపు నుంచి రాశాను. "నేను" లేదు, "ఆమె" ఉంది. అయినా కథకుడు ఆమె మనసు దాటి పోడు.

ఆమె నవ్వెను, గాజుల నమ్మినట్టి
బాధ సుతునికి దెలియదు పాపమనుచు
తలచె నామె లోలోపల, తనయు మదిని
కథను జెప్పెడి వానికే కథ తెలియదు

రామారావు మాస్టారు: "తలచె" అన్న మాటను కాపాడుకోమ్మా. అది తీసేసి "సుతునికి దెలియదు" అని వదిలేస్తే కథకుడు కొడుకు తలలోకి కూడా వెళ్ళి చూసి వచ్చినట్టవుతుంది. ఇప్పుడు అది తల్లి ఊహగానే ఉంది. కొడుకు ఖాళీ డబ్బా చూసి ఊరుకున్నాడేమో, మనకు తెలియదు. ఆ అనుమానమే ఈ పద్యానికి బిగువు. రాసినవాళ్ళు పరీక్షించుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది: "ఆమె" ఉన్నచోట "నేను" పెట్టి చదవండి. "నేను నవ్వాను, వాడికి తెలియదు పాపం అనుకున్నాను" నిలబడుతుంది. "కొడుకు లోలోపల కుమిలిపోయాడు" అని రాసి ఉంటే నిలబడదు. "కొడుకు తల దించుకున్నాడు" అంటే నిలబడుతుంది, అది ఆమె కంటికి కనిపించేదే.

ప్రసాద్ (ఉప్పల్): నా దగ్గర పద్యం లేదు, నవల ఉంది. నా కథానాయిక ఉద్యోగం మానేసి ఆ సంగతి భర్తకు చెప్పదు. ప్రతి అధ్యాయం ఆమె మనసు నుంచే, శారద గారి పద్యంలాగే. చివరి అధ్యాయంలో పాఠకుడికి తెలుస్తుంది. చదివిన ఇద్దరూ మోసపోయామన్నారు. మలుపు అన్నాక దాచాలి కదా?

రామారావు మాస్టారు: పొద్దున లేస్తే ఆమె తలలో తిరిగేది ఆ ఉద్యోగమే అయి ఉంటుంది. రోజూ ఆ తలలోనే కూర్చోబెట్టి ఆ ఒక్క ఆలోచన వినిపించకపోతే పాఠకుడికి కోపం రాదా? దాచి తీరాలంటే కథను భర్తవైపు నుంచి చెప్పు. అతనికి తెలియదు కాబట్టి మనకూ తెలియదు, అందులో మోసం లేదు. లేదా మొదటి అధ్యాయంలోనే చెప్పేసెయ్. అప్పుడు ఆమె టిఫిన్ డబ్బా సర్దుకుని మెట్రో ఎక్కిన ప్రతిసారీ పాఠకుడి గుండె కొట్టుకుంటుంది. నాకు రెండోదే నచ్చుతుంది.

ప్రసాద్: అగాథా క్రిస్టీ 1926లో రోజర్ ఆక్రాయిడ్ హత్య కథలో హంతకుడైన డాక్టరు చేతే కథంతా "నేను" అని చెప్పించింది. ఆవిడ దాచవచ్చు, నేను దాచకూడదా?

రామారావు మాస్టారు: ఆ డాక్టరు తన చేత్తో కాగితం మీద రాస్తున్న మనిషి. ఏది రాయాలో ఏది మానాలో అతను ఎంచుకుంటాడు, ఆ ఎంచుకోవడమే అతని నేరంలో భాగం. పైగా అబద్ధం రాయలేదు. హతుడి గదిలోకి ఉత్తరం వచ్చింది 8:40కి, తను గది వదిలింది 8:50కి అని గడియారంతో సహా రాశాడు. ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో మాత్రం చెప్పలేదు. వెనక్కి తిప్పి చూసిన పాఠకుడికి ఆ ఖాళీ కనిపిస్తుంది. మీ కథానాయిక ఎవరికీ ఏమీ రాయడం లేదు, దాస్తున్నది మీరే.

సుబ్రహ్మణ్యం (నల్లకుంట): మీరంతా తెలియని కథకుల వెంటే పడ్డారు. అన్నీ తెలిసిన సర్వసాక్షి మనకు ఎప్పటి నుంచో ఉన్నాడు. సమస్యనే ప్రశ్నిస్తున్నాను.

వ్యాసు కరుణచే సంజయు వలన వినియె
భీష్ము పాటు ముందే, పోరు పిదప రాజు;
ఎట్టులందువు మిత్రమా యిట్టి మాట
"కథను జెప్పెడి వానికే కథ తెలియదు"

శారద: ప్రశ్నగా తిప్పి తప్పించుకోవడం పాత ఉపాయమే, కాదనను. కానీ సంజయుడు కథలో పాత్ర కదండీ. ధృతరాష్ట్రుడి ఎదుట కూర్చుని దుఃఖపడతాడు, రాజును నిష్ఠూరాలాడతాడు. సర్వసాక్షి అంటే కథ బయట ఉండేవాడు కాదా?

సుబ్రహ్మణ్యం: ఎదుటివాళ్ళు మనసులో అనుకున్నది కూడా అతనికి తెలుస్తుందని వ్యాసుడు వరమిచ్చాడు. ఇంకేం కావాలి?

రామారావు మాస్టారు: శారద మాటలో సగం, మీ మాటలో సగం ఉంది. నాకు ముఖ్యమైనది మీ రెండో పాదం. సంజయుడు రణరంగం నుంచి వచ్చి ముందు భీష్ముడు పడ్డాడని చెబుతాడు, ఆ తర్వాతే పది రోజుల యుద్ధం. అన్నీ తెలిసినవాడి చేతిలో ఉన్న అధికారం ఇదే, ఏది ముందు చెప్పాలన్నది. ఫలితం తెలిసిపోయాక "ఏమవుతుంది" పోయి "ఎలా అయింది, ఎవరివల్ల అయింది" మిగులుతుంది. మన గాజుల కథనే అలా చెప్పాలంటే: "ఆ ఉదయం తల్లి గాజులు అమ్మింది. కొడుకుకు ఆ సంగతి తన పెళ్ళినాటికి గానీ తెలియలేదు." రెండు వాక్యాల్లో ఇద్దరి మనసులూ, ఇరవై ఏళ్ళూ. ఇక చదివేవాడు ఆ పెళ్ళి కోసం ఎదురుచూస్తాడు. కానీ వంశీ పద్యంలో నరేష్‌కి సివుక్కుమన్నది ఇక్కడ దొరకదు, ఎందుకంటే కనిపెట్టడానికి పాఠకుడికి ఏమీ మిగల్లేదు.

వంశీ: నిర్వాహకురాలి ప్రశ్న అలాగే ఉండిపోయింది మాస్టారూ. నా నాలుగో పాదం ఎవరిది?

రామారావు మాస్టారు: నా లెక్కలో అది కవిది. మూడు పాదాలు పిల్లవాడు చెప్పాడు, నాలుగోది కవి పక్కన నిలబడి అన్నాడు.

నిర్వాహకురాలు: నేను ఒప్పుకోను. గొంతు మారిందని చెప్పే గుర్తు పద్యంలో ఒక్కటీ లేదు, శారద గారి పద్యంలో అయితే గొంతు మారనే లేదు. ఈ వారం నా మార్కు ఆవిడకే. వంశీ మూడో పాదం చివర గొంతు మారినట్టు తెలిపే ఒక సూర్యగణం పట్టించగలిగితే మళ్ళీ చూస్తాను.