ద్రవ్యోల్బణంలో ఉల్బణించేది ఏ ద్రవ్యం?

సుధారాణి: పెద్దలకి ఒక ప్రశ్న. ఒక పత్రిక కోసం ఆర్థిక వ్యాసం ప్రూఫులు దిద్దుతున్నాను. అందులో ఒక వాక్యం ఉంది: "2016 నోట్ల రద్దుతో దేశంలో ద్రవ్య సరఫరా సగానికి పడిపోయింది, దానివల్ల 2017లో ద్రవ్యోల్బణం కూడా తగ్గింది." ద్రవ్యం ఉబ్బడమే ద్రవ్యోల్బణమైతే, ద్రవ్యం తగ్గాక అదీ తగ్గాలి కదా. మాట ప్రకారం వాక్యం సరిగ్గానే ఉంది, కానీ నాకెందుకో నమ్మబుద్ధి కావడం లేదు. ఇక్కడ ద్రవ్యం అంటే నోట్లేనా?

నరసింహశాస్త్రి: ద్రవ్య + ఉల్బణం, గుణసంధి. ఉల్బణం అంటే మితిమీరినది, ఎక్కువైనది. పేరు పెట్టినవాళ్ళు ధరల్ని కాదు, డబ్బునే చూశారు. ఇంగ్లీషు ఇన్‌ఫ్లేషన్ కూడా మొదట్లో డబ్బు ఉబ్బడం గురించి అన్నదే, తర్వాత ధరలకి అంటుకుంది. మనం ఆ పాత అర్థాన్ని సమాసంలో బిగించేసి, కొత్త అర్థంలో వాడుతున్నాం. నావరకు వాక్యంలో భాషాదోషం లేదు.

వెంకట్: నోట్ల రద్దప్పుడు ద్రవ్యలోటు వచ్చిన మాట నిజమే కదండీ. మా ఊళ్ళో ఏటీఎంల ముందు నెలరోజులు "నో క్యాష్" బోర్డులే. లోటు ఉన్నప్పుడు ఉల్బణం ఎలా ఉంటుంది?

శేషగిరి: వెంకట్ గారూ, పేపర్లో కనిపించే ద్రవ్యలోటు వేరు. అది ప్రభుత్వం తన రాబడికి మించి పెట్టే ఖర్చు, అంటే ఆ ఏడాది చేసే అప్పు. ఏటీఎంలో నోట్లు లేకపోవడానికీ దానికీ సంబంధం లేదు. పేరు అలా పెట్టారు కాబట్టి తప్పు మీది కాదు.

సుధ గారూ, వాక్యంలో సగం నిజం ఉంది. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, ఆ రెండు నెలలూ కౌంటర్ వెనకే ఉన్నాను. ఒక మనిషిని తీసుకుందాం. బీరువాలో యాభై వేలు, అన్నీ పాత ఐదొందల నోట్లు. అవి తెచ్చి మా దగ్గర సేవింగ్స్ ఖాతాలో వేశాడు. జనం చేతిలోని రొక్కం యాభై వేలు తగ్గింది, బ్యాంకు డిపాజిట్లు యాభై వేలు పెరిగాయి. అతను పేదవాడు కాలేదు, అతని డబ్బు ఉన్న చోటు మారిందంతే.

ఆర్బీఐ డబ్బుని రకరకాల గీతల దగ్గర ఆపి లెక్కపెడుతుంది. చిన్న గీత ఎం1. జనం చేతిలోని కరెన్సీ, అడిగిన వెంటనే తీసుకోగల డిపాజిట్లు ఇందులోకి వస్తాయి. దీన్నే పాఠ్యపుస్తకాల్లో సంకుచిత ద్రవ్యం అంటారు. పెద్ద గీత ఎం3. ఎం1కి బ్యాంకుల టైమ్ డిపాజిట్లు కలిపితే ఎం3, అదే విశాల ద్రవ్యం. మన మనిషి ఆ యాభై వేలూ ఫిక్స్‌డ్ చేశాడనుకోండి, ఎం1 యాభై వేలు తగ్గుతుంది, ఎం3 పైసా కదలదు. సేవింగ్స్‌లో ఉంచితే ఇంకో తిరకాసు: సేవింగ్స్ ఖాతాల మొత్తాన్ని ఆర్బీఐ రెండు ముక్కలు చేస్తుంది. కదలకుండా పడి ఉండే భాగం టైమ్ డిపాజిట్ కింద, మిగతాది డిమాండ్ డిపాజిట్ కింద. అందుకే ఎం1 అప్పుడూ కొంత తగ్గుతుంది.

దేశమంతా జరిగింది ఇదే. జనం దగ్గర 17 లక్షల కోట్ల దాకా ఉన్న కరెన్సీ డిసెంబరు కల్లా సగానికంటే కిందికి వచ్చింది. ఎం1 అంతకు ముందు ఏడాది కంటే తక్కువైంది. ఎం3 మాత్రం తగ్గలేదు, పెరుగుదలే నెమ్మదించింది. మామూలుగా 10 శాతం చుట్టూ పెరిగేది 6, 7 శాతానికి వచ్చింది. కాబట్టి "సగానికి పడిపోయింది" అన్నది కరెన్సీకి చెల్లుతుంది, ద్రవ్య సరఫరాకి చెల్లదు.

పద్మజ: మా అత్తగారు ఎఫ్‌డీని డబ్బే కాదంటారు. "అది లేనట్టే అనుకో" అని. నేనేమో దాని మీద గంటలో లోన్ తెచ్చాను, పిల్లాడి ఫీజుకి. మరి అది సంకుచితమా, విశాలమా?

శేషగిరి: మంచి ప్రశ్న అమ్మా, ఇంతకంటే సూటిగా ఎవరూ అడగలేదు. ఆర్బీఐ పుస్తకంలో మీ ఎఫ్‌డీ విశాలంలోనే. కానీ మీరు లోన్ తీసుకోగానే ఆ మొత్తం మీ ఖాతాలో కొత్త డిపాజిట్‌గా పుట్టింది. ఎఫ్‌డీ అలాగే ఉంది, పైన ఇంకొంత డబ్బు వచ్చింది. బ్యాంకు అప్పిచ్చినప్పుడల్లా ఎం3 పెరిగేది ఇలాగే. మీరు ఆ లోన్ కట్టేసిన రోజు అంతే డబ్బు మాయమవుతుంది.

సుధారాణి: ఆగండి, అయితే రద్దప్పుడు ఎం3 పెరుగుదల నెమ్మదించింది ఇందుకేనా? రొక్కం డిపాజిట్‌గా మారితే ఎం3కి తేడా రాకూడదు కదా.

శేషగిరి: కొంతవరకు అంతే. చాలామంది పాత నోట్లతో బంగారం లోన్లు, పంట రుణాలు, క్యాష్ క్రెడిట్ బాకీలు కట్టేశారు. మా బ్రాంచిలోనే గోల్డ్ లోన్ వరస కౌంటర్ దాటి మెట్ల మీదికి వెళ్ళింది. అలా కట్టిన రొక్కం డిపాజిట్‌గా మారదు, బాకీతో పాటే చెల్లిపోతుంది. పైగా ఆ నెలల్లో కొత్త అప్పులు అడిగేవాళ్ళే తక్కువ.

కిరణ్ (డాలస్): ఇండియా సంగతి అలా ఉంచండి, ఇక్కడ అమెరికాలో లెక్క సూటిగా ఉంది. ఎం1 గ్రాఫ్ చూడండి, 2020 మేలో గోడలా నిలువుగా లేచింది. 4.8 లక్షల కోట్ల డాలర్ల నుంచి ఒక్క నెలలో 16 లక్షల కోట్ల పైకి. రెండేళ్ళలో గుడ్లు, పెట్రోలు, అద్దె అన్నీ పెరిగాయి. డబ్బు మూడింతలు ముద్రిస్తే ధరలు పెరగవా? శాస్త్రి గారి సమాసమే కరెక్ట్.

లావణ్య: కిరణ్ అన్నా, ఆ గ్రాఫ్ మా ఆఫీసు వాట్సాప్‌లో కూడా చాలాసార్లు తిరిగింది. ఆ గోడ ముద్రణ వల్ల లేచింది కాదు. 2020 ఏప్రిల్‌లో అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడ్, సేవింగ్స్ ఖాతాల నుంచి నెలకి ఆరు బదిలీలే అన్న పరిమితి తీసేసింది. దాంతో అవీ వెంటనే వాడుకునే డబ్బే కదా అని, మే నుంచి లెక్కల్లో సేవింగ్స్ మొత్తాన్ని ఎం1లో కలిపింది. అంతకు ముందు అవి ఎం2లో మాత్రమే ఉండేవి; ఎం2 అంటే ఎం1ని కూడా కలుపుకున్న పెద్ద గీత. ఉన్న డబ్బే పక్క పెట్టెలోకి వెళ్ళింది. సరిచూడటం తేలిక: అదే నెలకి ఎం2 గ్రాఫ్ తీయండి. నిజంగా అంత డబ్బు కొత్తగా పుట్టి ఉంటే ఎం2లోనూ అదే గోడ కనిపించాలి. కనిపించదు. నిటారు వాలు ఉంటుంది కానీ గోడ ఉండదు.

కిరణ్ (డాలస్): ఇది తెలీదు. సరే, ఆ వాలు మాటేంటి? అది కూడా పెరుగుదలే కదా?

లావణ్య: పెరుగుదలే, అదీ మామూలుది కాదు. 2021 ఫిబ్రవరి నాటికి ఏడాదిలో ఎం2 పావు వంతుకి పైగా పెరిగింది. 2022 జూన్‌లో ధరల పెరుగుదల 9.1 శాతానికి చేరింది. అక్కడ మీ మాటలో బలం ఉంది. కానీ 2008 తర్వాత ఫెడ్ తన సొంత డబ్బుని, అంటే నోట్లు, ఫెడ్ దగ్గరుండే బ్యాంకుల నిల్వలు కలిపి, లక్ష కోట్ల డాలర్ల లోపు నుంచి 2014కి దాదాపు 4 లక్షల కోట్లకి తీసుకెళ్ళింది. ధరలు ఏటా 2 శాతం చుట్టూనే పెరిగాయి. ఆ డబ్బు బ్యాంకుల నిల్వల్లోనే ఉండిపోయింది, జనం ఖాతాల్లోకి అంతగా రాలేదు. 2020లో కోవిడ్ సాయం చెక్కులు నేరుగా జనానికి వెళ్ళాయి. నా ఉద్దేశంలో తేడా అదే.

శేషగిరి: లావణ్య గారితో సగం ఒప్పుకుంటాను. 2022లో చమురు, యుద్ధం, ఓడల రవాణా కూడా ఉన్నాయి. ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టం.

మన దగ్గర చక్రవర్తి కమిటీ 1985లో చెప్పాక ఆర్బీఐ ఎం3 ఎంత పెరగాలో ముందే లక్ష్యం పెట్టుకునేది. 1998లో ఆ పద్ధతి వదిలేసింది. 1980లలో, 90లలో ఎం3 ఏటా దాదాపు 17 శాతం పెరిగింది. ఉత్పత్తి ఐదారు శాతం, ధరలు ఎనిమిది దగ్గర. మిగిలిన మూడు నాలుగు శాతం ఎటు పోయింది? డబ్బు చేతులు మారే వేగం తగ్గింది. పల్లెల్లో బ్యాంకు బ్రాంచీలు వచ్చాయి, జనం డిపాజిట్లు వేసుకుని కదపకుండా ఉంచారు. 1970లో ఎం3 దేశ వార్షికాదాయంలో పావు వంతు దగ్గర ఉండేది. 2016-17లో ఆదాయం 154 లక్షల కోట్లు, ఎం3 128 లక్షల కోట్లు. డబ్బు ఉబ్బినంత మేరకీ ధరలు ఉబ్బలేదు.

నరసింహశాస్త్రి: అంటే మాట అబద్ధమంటారా?

శేషగిరి: అబద్ధం అనను. ఏళ్ళ తరబడి డబ్బు ఏటా యాభై శాతం పెరిగే దేశంలో మీ సమాసం అక్షరాలా నిజం. ఏడాదికి 10 శాతం పెరిగే చోట, ఆ ఏడాది ధరల గురించి అది చెప్పేది తక్కువ.

సుధారాణి: నా వాక్యం రెండో సగం మిగిలింది. 2017లో ద్రవ్యోల్బణం తగ్గిన మాట నిజమే కదా?

లావణ్య: నిజమే. 2017 జూన్‌లో చిల్లర ధరల పెరుగుదల 1.5 శాతం దగ్గరకి వచ్చింది. కానీ లోపల చూస్తే పడింది పప్పులు, కూరగాయలు. 2016-17లో కంది విరగకాసింది, బోనస్‌తో కలిపి మద్దతు ధర క్వింటాలుకి 5,050 అయితే మార్కెట్‌లో అంతకంటే తక్కువకి అమ్ముకున్నారు. ఆహారం, ఇంధనం పక్కన పెడితే మిగతా ధరల పెరుగుదల 4 శాతం దగ్గరే ఉంది. డబ్బు కొరతే కారణమైతే అవీ పడాలి.

వెంకట్: కంది మాట మా నాన్ననడగండి. కానీ ఆ నవంబరు, డిసెంబరుల్లో వ్యాపారి చేతిలో రొక్కం లేక కూరగాయలు సగం ధరకి అడిగాడు. దానికి నోట్ల రద్దు కారణం కాదంటే మా ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు.

లావణ్య: కూరగాయల విషయంలో మీరు చెప్పింది జరిగే ఉంటుంది, రొక్కం మీద నడిచే బేరం అది. ఎంత మేరకు అన్నది నేను విడదీసి చెప్పలేను.

నరసింహశాస్త్రి: అయితే ధరలకి వేరే మాట కావాలి. ధరోల్బణం అందామంటే, ఈ అర్థంలో ధర తెలుగు మాట, ఉల్బణం సంస్కృతం. వైరిసమాసం అవుతుంది. నేను ఒప్పుకోను.

పద్మజ: "ధరల పెరుగుదల" అంటే చాలదా మాస్టారూ?

నరసింహశాస్త్రి: ధరలు ఒకసారి పెరిగి ఆగినా అది పెరుగుదలే కదమ్మా. ఏటేటా సాగేదానికి మాట అడుగుతున్నాను.

సుధారాణి: సాయంత్రానికి పేజీ పంపాలి. వాక్యం ఇలా మార్చాను: "2016 నోట్ల రద్దుతో జనం చేతిలోని కరెన్సీ సగానికి పైగా తగ్గింది, విశాల ద్రవ్యం పెరుగుదల నెమ్మదించింది. దానివల్ల 2017లో ద్రవ్యోల్బణం కూడా తగ్గింది."

శేషగిరి: "దానివల్ల" తీసేసి పంపండి. వెంకట్ గారి కూరగాయలకి రచయిత ఒప్పుకుంటే ఇంకో వాక్యం రాయమనండి.