అప్‌డేట్: సఫిక్స్ ట్రై, సఫిక్స్ అర్రే మెమరీ లెక్క తేలింది

నేను అడిగింది: "సబ్‌స్ట్రింగ్ వెతకడానికి ఈ రెండూ పనికొస్తాయి కదా, మామూలు పద్ధతిలో కడితే ఏది ఎంత చోటు తింటుంది?"

రెండూ కట్టి చూశాను. సఫిక్స్ అంటే స్ట్రింగ్‌లో ఏదో ఒక స్థానం నుంచి చివరిదాకా ఉండే ముక్క; అర్రేలో ఆ ముక్కల్ని అక్షర క్రమంలో పేర్చి, అవి మొదలయ్యే స్థానాలు మాత్రం రాసుకుంటాం. `banana`కి అర్రే `[5, 3, 1, 0, 4, 2]`, అంటే ఆరే అంకెలు. `ana` కోసం బైనరీ సెర్చ్ చేస్తే 3, 1 పక్కపక్కనే దొరుకుతాయి. కాకపోతే అసలు స్ట్రింగ్‌ని కూడా దగ్గర ఉంచుకోవాలి. ట్రై అంటే ఆ సఫిక్స్‌లన్నిటినీ అక్షరానికో కొమ్మగా అల్లిన చెట్టు, అందులో ప్రతి వేర్వేరు సబ్‌స్ట్రింగ్‌కీ ఒక నోడ్ పడుతుంది. ఇక్కడ అవి 15, రూట్‌తో కలిపి 16.

తేడా చిన్నదేగా అనిపిస్తుంది. అసలు కథ స్ట్రింగ్‌ని బట్టి ఉంటుంది. 2000 `a`లు వరసగా ఇస్తే ట్రై ఒకే గొలుసు, 2001 నోడ్‌లు. అదే పొడవులో 1000 `a`లు, ఆ తర్వాత 1000 `b`లు ఇస్తే 1001 × 1001, అంటే 10,02,001 నోడ్‌లు! అర్రేకి మాత్రం రెండుసార్లూ 2000 అంకెలే.

అయితే అర్రే కట్టేటప్పుడు ఒకటి గమనించాలి:

```python
sa = sorted(range(len(s)), key=lambda i: s[i:])
```

సార్ట్ మొదలయ్యే ముందే పైథాన్ అన్ని సఫిక్స్‌లనూ కాపీ చేసి పెట్టుకుంటుంది. 2000 అక్షరాలకి అవి 20,01,000 అక్షరాలు, లక్షకైతే దాదాపు 500 కోట్లు. చివరికి మిగిలేది చిన్న అర్రేనే అయినా, మెమరీ మధ్యలోనే నిండిపోతుంది. అందుకే పెద్ద స్ట్రింగ్‌లకి కాపీ తీయకుండా, రెండు స్థానాల నుంచి అక్షరం అక్షరం పోల్చే ఫంక్షన్‌ని `cmp_to_key`తో ఇస్తున్నాను. నెమ్మదే, కానీ మెమరీ నిలబడుతోంది.