చెరువు సైరన్ మోగాలి, బ్యాంకు ఓటీపీ మాత్రం యాప్‌కు చేరకూడదు: దారి ఉందా?

భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువు ఉంది. రాత్రి కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే, వాటి మోటారు స్టార్టర్‌లోని సిమ్ నుంచి నా ఫోనుకు POWER OFF అని ఎస్సెమ్మెస్ వస్తుంది. ఆ మాట కనబడగానే సైరన్ మోగేలా ఒక ఆటోమేషన్ యాప్‌కు నోటిఫికేషన్లు చదివే అనుమతి ఇచ్చాను. సైరన్ బాగానే మోగుతోంది.

నిన్న ఆ యాప్ లాగ్ తెరిచాను. స్టార్టర్ సందేశం కిందే బ్యాంకు ఓటీపీ, ఆరంకెలూ స్పష్టంగా ఉన్నాయి. గుండె ఆగినంత పనైంది.

ఎస్సెమ్మెస్ అనుమతి తీసేశాను. లాభం లేదు, అది చదివేది నోటిఫికేషన్‌ను కదా. లాక్ స్క్రీన్‌పై వివరాలు దాచినా లాగ్‌లోకి పూర్తి సందేశమే వచ్చింది. యాప్‌లో POWER OFF అని ఫిల్టర్ పెట్టాను, కానీ ఆ వడపోత జరిగేది అంతా చదివిన తర్వాతే. చివరికి అనుమతి పేజీలోనే మెసేజెస్ యాప్‌ను మినహాయించాను. ఓటీపీలు ఆగాయి, దాంతోపాటు సైరనూ ఆగింది.

ఫోను ఆండ్రాయిడ్ 13. ఇలాంటి యాప్‌లకు ఓటీపీలు కనబడకుండా దాచే ఏర్పాటు 15లో వచ్చింది, నా ఫోనుకు ఆ అప్‌డేట్ లేదు.

బ్యాంకు సిమ్‌ను వేరే ఫోనులోకి మార్చకుండా, స్టార్టర్ సందేశం ఒక్కటే ఆ యాప్‌కు చేరేలా చేసినవారు ఉన్నారా? ఎలా చేశారు?