ఖాళీ ప్రకటించని కంపెనీకి డిజైన్ ఉద్యోగం కోసం మెయిల్: ఎలా రాయాలి?

సౌజన్య (బెంగళూరు): ఒక ఏజెన్సీలో మూడేళ్లుగా యాప్ స్క్రీన్లు డిజైన్ చేస్తున్నాను. ఇందిరానగర్‌లో మందులు ఇంటికి పంపే కంపెనీ ఒకటుంది. అనంతపురంలో మా అమ్మ వాళ్ల యాప్ తెలుగులో వాడుతుంది. కెరీర్స్ పేజీలో డిజైనర్ ఖాళీలు లేవు, అయినా అక్కడే పనిచేయాలని ఉంది. మెయిల్ ఇంగ్లీషులో పంపుతాను, సారాంశం ఇది: "నేను కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, తగిన అవకాశం ఉంటే పరిశీలించగలరు." హెచ్‌ఆర్‌కే పంపాలా? పోర్ట్‌ఫోలియో పీడీఎఫ్ 40 ఎంబీ ఉంది.

రఘు_కోరమంగళ: అక్కా, హెచ్‌ఆర్‌కి వద్దు, డిజైన్ హెడ్‌కే పంపండి. వాళ్ల యాప్ మొత్తం కొత్తగా డిజైన్ చేసి జతచేయండి. మా రూమ్మేట్‌కి అలాగే ఇంటర్వ్యూ వచ్చింది.

శ్రీను_వేలచేరి: మా తమ్ముడు ఇంటీరియర్ డిజైన్ పూర్తి చేశాడు. చెన్నైలో ఖాళీలు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

భాస్కర్ (డిజైన్ మేనేజర్): శ్రీను గారూ, ఇది యాప్ డిజైన్ సంగతి, మీ తమ్ముడి కోసం వేరే చర్చ పెట్టండి.

సౌజన్య గారూ, ఎవరికి పంపాలో రఘు సరిగ్గానే చెప్పాడు. ఖాళీ లేనప్పుడు మీ పేరును దేనికి జతచేయాలో హెచ్‌ఆర్‌కి తెలియదు. టీమ్‌లో ఎవరు మానేయబోతున్నారో, ఏ కొత్త పని రాబోతోందో ముందుగా తెలిసేది డిజైన్ మేనేజర్‌కే. కానీ యాప్ మొత్తం మార్చి పంపొద్దు. మీకు అనవసరంగా కనిపించే ప్రిస్క్రిప్షన్ అప్‌లోడ్ స్టెప్ తీసేశారనుకోండి. డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులకు అది చట్టం ప్రకారం తప్పనిసరి. అది చూడగానే మీకు ఈ రంగం తెలియదనుకుంటారు.

ఇలాంటి మెయిల్స్ నేను మీటింగ్‌కి మీటింగ్‌కి మధ్య ఫోన్‌లో చూస్తాను. మొదటి రెండు లైన్లలో మా పని గురించి ఏమీ లేకపోతే లింక్ నొక్కను. మీ అమ్మగారికి ఆ యాప్‌లో ఎక్కడ ఇబ్బంది?

సౌజన్య: "ప్రిస్క్రిప్షన్ పంపండి" బటన్ మీద అక్షరాల కింది భాగం తెగిపోతుంది. 'స్క్రి' అయితే చదవడానికే రాదు.

భాస్కర్: మెయిల్ దాంతోనే మొదలుపెట్టండి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపడేలా లైన్ హైట్ పెడితే మన వత్తులకు కింద చోటు చాలదు. 'స్క్రి'లో క, ర రెండూ వత్తులే. ముందు ఒకటి తేల్చుకోండి: అమ్మగారు ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకున్నారా? మామూలు సైజులో సరిగ్గా కనబడి, పెంచినప్పుడే తెగితే బటన్ ఎత్తు కదలకుండా బిగించి ఉంటుంది. మామూలు సైజులోనూ తెగితే లైన్ హైట్‌ని అనుమానించాలి. కారణం తప్పుగా రాస్తే మెయిల్ మీకే ఎదురు తిరుగుతుంది.

సౌజన్య: నా ఫోన్‌లో మామూలు సైజులోనూ తెగుతోంది. ఫిగ్మాలో అదే బటన్ గీసి, అక్షరాలను లైన్ హైట్ అంతే ఎత్తున్న ఫ్రేమ్‌లో పెట్టి క్లిప్ కంటెంట్ ఆన్ చేశాను. 16 సైజు అక్షరాలకు లైన్ హైట్ 20 పెడితే అచ్చం అలాగే తెగింది, 26 పెడితే వత్తు మొత్తం కనబడింది. మళ్లీ రాశాను:

"సబ్జెక్ట్: తెలుగు స్క్రీన్లో తెగుతున్న వత్తులు, ఒక ప్రొడక్ట్ డిజైనర్ నుంచి.
మా అమ్మ మీ యాప్ తెలుగులో వాడుతుంది. ప్రిస్క్రిప్షన్ బటన్ మీద వత్తులు తెగుతున్నాయి, స్క్రీన్‌షాట్ జతచేశాను. లైన్ హైట్ పెంచి చూస్తే నా నమూనాలో సరిపోయింది. ఇది బయటి నుంచి చూసి చెప్తున్నది, మీ కోడ్‌లో కారణం వేరే ఉండొచ్చు. డిజైనర్ ఖాళీ లేదని చూశాను. భారతీయ భాషల స్క్రీన్ల పని మొదలైతే నన్ను పరిశీలించండి. మూడేళ్ల అనుభవం, నోటీస్ 60 రోజులు. నా పని ఈ లింక్‌లో ఉంది."

లావణ్య (చెన్నై, రిక్రూటర్): చాలా బాగుంది. నోటీస్ మాత్రం తీసేయండి, అడిగాక చెప్పొచ్చు. పీడీఎఫ్ పంపకండి, జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే డ్రైవ్ లింక్ అయిపోతుంది, అవతలివాళ్లు పర్మిషన్ అడగాల్సి రావచ్చు. ఫిగ్మా లింక్‌ను కూడా ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూసుకోండి. ఏజెన్సీ క్లయింట్ల పని చూపించే ముందు అనుమతి ఉందో లేదో చూడండి.

భాస్కర్: నోటీస్ విషయంలో నేను ఒప్పుకోను. హఠాత్తుగా ఒకరు మానేసినప్పుడు పాత మెయిల్స్‌లో నేను ముందు వెతికేది అదే. జవాబు రాకపోతే పది రోజులు ఆగి, అదే మెయిల్ కింద ఒక్కసారి గుర్తుచేయండి.

రఘు_కోరమంగళ: మరి వాళ్లు బటన్ సరిచేసుకుని జవాబే ఇవ్వకపోతే?

లావణ్య: అలాగూ జరుగుతుంది. అందుకే ఆ నమూనాను మీ పోర్ట్‌ఫోలియోలోనూ పెట్టుకోండి సౌజన్యా, కంపెనీ పేరు మాత్రం రాయకండి.

సౌజన్య: పేరు తీసేసి పెడతాను. నోటీస్ ఉంచాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. మంగళవారం పొద్దున పంపుతున్నాను.