ఇంగ్లండ్‌లోని లీడ్స్ తెలుగు సంఘం బతుకమ్మ వాలంటీర్లు: ఫేస్‌బుక్ గ్రూపు ఎలా పెడదాం?

సునీత: హాలు బుక్ అయింది. పోయినేడు మన సంఘం పేరుతో ఒక మనిషి ప్రొఫైల్‌లాగా అకౌంట్ నడిపాం కదా, అది నడిపిన అక్క హైదరాబాద్ వెళ్లిపోయారు. లాగిన్ కోడ్ ఆమె పాత లీడ్స్ నంబరుకే వస్తోంది, ఆ నంబరు ఇప్పుడు లేదు. లోపలున్న పేర్లన్నీ మనకు దక్కకుండా పోయాయి. ఈసారి గ్రూపే పెడదాం.

రవి: కొత్త ప్రొఫైల్ తెరిచి పాస్‌వర్డ్ నలుగురం పంచుకుంటే పోదా? అందరికీ ఫ్రెండ్ రిక్వెస్టులు పంపుదాం.

మాధవి: వద్దు రవీ. ప్రొఫైల్ ఒక మనిషిది, సంఘానికి వాడటం ఫేస్‌బుక్ నిబంధనలకే విరుద్ధం. పైగా 5,000 మంది దాటి ఫ్రెండ్స్‌ను చేర్చుకోలేం. గ్రూపులో పాస్‌వర్డ్ పంచుకునే పనే ఉండదు, ఎవరి అకౌంట్‌తో వాళ్లే అడ్మిన్ అవుతారు. ముగ్గురిని అడ్మిన్లుగా పెడదాం, ఒకరు ఊరు మారినా ఇద్దరుంటారు. రిక్వెస్టులు చూసేవాళ్లను మోడరేటర్లుగా పెడితే చాలు. వాళ్లు సభ్యులను చేర్చుకోగలరు, తీసేయగలరు, కానీ సెట్టింగులు మార్చలేరు, ఇంకొకరిని అడ్మిన్ చేయలేరు.

లత: నాదొక టెన్షన్. నేనిక్కడున్నట్టు కొందరు బంధువులకు తెలియకూడదు. సభ్యుల జాబితా ఎవరికి కనబడుతుంది?

రవి: ప్రైవేట్ పెడితే ఎవరికీ కనబడదక్కా.

మాధవి: బయటివాళ్లకే కనబడదు. లోపలికి వచ్చిన ప్రతి సభ్యుడూ జాబితా చూడగలడు. Hidden అని పెడితే బయటివాళ్లు వెతికినా గ్రూపు దొరకదు, అంతే. కాబట్టి ఎవరిని రానిస్తున్నామో చూసుకోవడమే లతగారికి అసలు రక్షణ.

శ్రీను: నేను నా ఫ్రెండ్స్ లిస్ట్ Only me పెట్టుకున్నాను, నాకు ఇబ్బంది లేదు.

మాధవి: అది మీ ప్రొఫైల్‌లోని జాబితాకే అన్నా. గ్రూపు సభ్యుల్లో మీ పేరు కనబడుతూనే ఉంటుంది. లతగారూ, మీరు చేరకండి, వివరాలు నేను ఫోన్‌లో చెబుతాను.

సునీత: మరి చేరేవాళ్లను ఏమడుగుదాం? మూడు ప్రశ్నల వరకు పెట్టొచ్చట.

మాధవి: "మీరు తెలుగువారా?" అని అడిగితే ఎవరైనా అవుననే రాస్తారు. లీడ్స్‌లో ఏ వైపు ఉంటారు, మన సంఘంలో ఎవరు తెలుసు, ఈ రెండూ చాలు. జవాబులు అడ్మిన్లూ మోడరేటర్లూ మాత్రమే చదువుతారు. అయినా ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు అడగొద్దు, మనకు వాటితో పనిలేదు. జవాబు రాయకుండా కూడా రిక్వెస్టు వస్తుంది, తొందరపడి ఓకే చేయకండి.

రవి: సెప్టెంబరులో దిగిన స్టూడెంట్లకు ఇక్కడ ఎవరు తెలుస్తారు? బతుకమ్మకు ముందు రావాల్సింది వాళ్లే కదా.

మాధవి: అవును, అది నేను ఆలోచించలేదు. యూనివర్సిటీ పేరు, కోర్సు అడుగుదామా?

సునీత: అవి ఎవరైనా రాసేయొచ్చు, లతకు మళ్లీ అదే భయం. ఆదివారం మీటింగులో తేల్చుకుందాం. అప్పటిదాకా స్టూడెంట్ల రిక్వెస్టులు పెండింగ్‌లోనే ఉంచండి.

శ్రీను: బంతిపూలు ఎన్ని కేజీలు చెప్పమంటారు?