వ్యాకరణం సరిగానే ఉంది, చెవికి ఎందుకు అందలేదు?

విద్యార్థిని: మా విశ్వవిద్యాలయ రేడియో కోసం పరీక్షల ఒత్తిడి మీద రెండు నిమిషాల స్క్రిప్టు రాశాను. మొదటి వాక్యం ఇది: “సెమిస్టర్ పరీక్షలు సమీపిస్తున్న తరుణంలో నిద్రలేమితో, ఏకాగ్రతాలోపంతో సతమతమవుతూ, ఇంట్లో సైతం చెప్పుకోలేని స్థితిలో ఉన్న విద్యార్థులు ఈ క్రింది జాగ్రత్తలు పాటించాలి.” వ్యాకరణ దోషం కనబడదు గానీ, చదివి వినిపిస్తే మిత్రురాలు “ఎవరి గురించి?” అని అడిగింది.

తెలుగు అధ్యాపకుడు: ‘తరుణం’, ‘ఏకాగ్రతాలోపం’ వంటి సంస్కృత పదాలే అడ్డు. వాటి స్థానంలో వాడుక మాటలు పెడితే చాలు.

పూర్వ అనౌన్సర్: అది సగం మందు మాత్రమేనండి. మాటలు మార్చినా వాక్యం నడక అదే ఉంటుంది. తెలుగులో విశేషణమంతా ముందు నడిచి, మనిషి చివర వస్తాడు కనుక, ‘విద్యార్థులు’ అనే మాట వినబడేదాకా ఆ నిద్రలేమి ఎవరిదో తెలియకుండానే శ్రోత దాన్ని మోయాలి. చదివేవారైతే కన్ను వెనక్కి తిప్పుకుంటారు, శ్రోతకు ఆ వీలు లేదు. ‘ఈ క్రింది’ అన్నారు, రేడియోలో కింద ఏముంటుంది? మనిషిని ముందు నిలబెట్టి ఇలా చదివి చూడండి: “రేపు మీకు పరీక్ష. రాత్రి రెండయింది. చదివిన పేజీనే మళ్లీ చదువుతున్నారు. ఇంట్లో చెబితే కంగారుపడతారని చెప్పలేదు.”

ఒక తల్లి: రెండింటిదాకా మేలుకోమని రేడియోలో చెప్పడం మంచిదా? మా అబ్బాయి ఇంటర్‌లో కంచం ముందు కూడా పుస్తకం మూసేవాడు కాదు, అన్నం చల్లారిపోయేది.

పూర్వ అనౌన్సర్: మేలుకోమని కాదమ్మా, మేలుకొని ఉన్నవారిని పలకరించడం అది. అయితే మీ చల్లారిన అన్నం నా వాక్యం కంటే బాగా వినబడుతోంది, ఈ అమ్మాయి దాన్ని వాడుకోవచ్చు.

విద్యార్థిని: తప్పక వాడుకుంటాను. చివర మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ సంఖ్య 14416 ఉంది. ‘పద్నాలుగు వేల నాలుగు వందల పదహారు’ అని చదవవచ్చా?

పూర్వ అనౌన్సర్: వద్దు, అలా వింటే మళ్లీ అంకెలుగా విడగొట్టుకోవాలి. “ఒక నంబరు చెబుతాను, రాసుకోండి” అని రెండు క్షణాలు ఆగి, “ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు” అని నిదానంగా రెండుసార్లు చెప్పాలి. ఆ ఆగడానికీ మీ రెండు నిమిషాల్లోనే చోటు ఉంచాలి.

విద్యార్థిని: నిడివే చిక్కు. 260 మాటలు గొంతెత్తి చదివితే రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. ఐదు సలహాల్లో మూడు తీసేస్తున్నాను. ‘ఒత్తిడి’ అన్నచోట ‘టెన్షన్’ అందామనీ అనుకుంటున్నాను.

తెలుగు అధ్యాపకుడు: వాక్యం నడక విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ ‘ఒత్తిడి’ బదులు ‘టెన్షన్’ అనడానికి మాత్రం నేను ఒప్పుకోను.

పూర్వ అనౌన్సర్: హాస్టల్ గదిలో ఎవరైనా “నాకు ఒత్తిడిగా ఉంది” అంటారా?

విద్యార్థిని: మా గదిలో ‘టెన్షన్’ అనే అంటాం. అమ్మతో ఫోనులో మాత్రం ఆ మాట కూడా అనం, “ఏం లేదులే” అంటాం. రేపటి రికార్డింగులో రెండు రకాలుగానూ చదివి చూస్తాను.